ఇంజినీరింగ్‌లో చేరే పిల్లలకు ఆన్‌లైన్‌లో ల్యాప్‌టాప్: దేనికి డబ్బు పెట్టాలి, దేనికి పెట్టక్కర్లేదు

ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో సీటు ఖాయమయ్యాక చాలా ఇళ్లలో వచ్చే తర్వాతి ఖర్చు ల్యాప్‌టాప్. యాభై నుంచి డెబ్భై వేలు పెట్టే ఈ వస్తువును ఎక్కువమంది ఫోన్‌లో పది నిమిషాలు చూసి కొనేస్తారు. చూసేది కూడా టైటిల్ లైన్‌లో ఉన్న మూడు ముక్కలే: i5నా i7నా, ఎన్ని జీబీలు, ఎంత డిస్కౌంటు. అమ్మేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఆ మూడూ ఘనంగా కనబడేలా పెట్టి, ఖర్చు మిగిలిన చోట్ల మిగుల్చుకుంటారు.

ఈ వ్యాసంలో చెప్పేదంతా ఒక్క లెక్క చుట్టూ తిరుగుతుంది. ల్యాప్‌టాప్‌లో కొన్ని భాగాలు కొన్న తర్వాత మార్చలేం. కొన్ని రెండేళ్ల తర్వాతైనా మార్చుకోవచ్చు, పెంచుకోవచ్చు. చేతిలో ఉన్న డబ్బు ముందు మార్చలేనివాటికి పోవాలి. ప్రాసెసర్, స్క్రీన్, బోర్డుకు అతికించిన ర్యామ్ మార్చలేనివి. ఎస్‌ఎస్‌డీ, స్లాట్‌లో పెట్టే ర్యామ్ మార్చుకోగలిగేవి. ఇక ఆఫీస్ సాఫ్ట్‌వేర్, బ్యాగు, మౌసు లాంటివి అసలు ఈ లెక్కలోకే రావు.

ముందుగా బ్రాంచి చూడండి, తర్వాతే సైటు తెరవండి

సీఎస్‌ఈ, ఐటీ పిల్లలు మొదటి ఏడాది రాసే సీ, పైథాన్ ప్రోగ్రాములకు ఎలాంటి ల్యాప్‌టాప్ అయినా సరిపోతుంది. బరువు పెరిగేది మూడో ఏడాదిలో. ఫోన్ యాప్‌లు తయారు చేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో, ఫోన్‌ను కంప్యూటర్‌లోనే అనుకరించే ఎమ్యులేటర్ నడపాలంటే 16 జీబీ ర్యామ్ ఉండాలని గూగులే చెబుతోంది. మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టులకు పెద్ద గ్రాఫిక్స్ కార్డు కావాలని అంటుంటారు కానీ, విద్యార్థి స్థాయి పని చాలావరకు బ్రౌజర్‌లో గూగుల్ కోలాబ్ ఉచిత జీపీయూ మీద అయిపోతుంది. ఈసీఈ వాళ్లకు చిప్ డిజైన్‌కు వాడే వివాడో, లెక్కలకు వాడే మ్యాట్‌ల్యాబ్ లాంటివి వస్తాయి. వివాడో ఒక్కటే పదుల జీబీల చోటు తింటుంది కాబట్టి వాళ్లకు ఎస్‌ఎస్‌డీ 512 జీబీకి తగ్గకూడదు. మెకానికల్, సివిల్ వాళ్లవి సాలిడ్‌వర్క్స్, ఆన్‌సిస్, రెవిట్ లాంటి సాఫ్ట్‌వేర్లు. ఇవి విండోస్ కోసం తయారైనవి. మ్యాక్‌బుక్ ఎంత ముచ్చటగా ఉన్నా ఈ రెండు బ్రాంచిల వాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఇక్కడ మీరు చేయాల్సిన పని చిన్నది. అదే కాలేజీలో అదే బ్రాంచిలో మూడో ఏడాది చదివే ఒకరిని పట్టుకుని, ల్యాబుల్లో ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు, సొంత ల్యాప్‌టాప్ రోజూ తీసుకెళ్లాలా, క్లాసులో చార్జింగ్‌కు ప్లగ్ దొరుకుతుందా అని అడగండి. చివరి రెండు ప్రశ్నలు అడగడం ఎవరికీ గుర్తుకు రాదు. కానీ బ్యాటరీకి, బరువుకు ఎంత పెట్టాలో తేల్చేవి అవే.

ప్రాసెసర్ పేరు పూర్తిగా చదవండి

అక్క కూతురికి సీఎస్‌ఈలో సీటు వచ్చినప్పుడు బావ ఒక లింకు పంపించి ఫోన్ చేశాడు. బడ్జెట్ అరవై వేలు, లింకులో ఉన్నది 61,990.

"ఇంకో రెండు వేలు పోతే పోయాయిరా, i7 వస్తోంది. i5 కంటే పెద్దదే కదా?"

"పూర్తి పేరు చదువు బావా. i7 తర్వాత నంబరు ఏముంది?"

"1255U అని ఉంది."

ఆ నంబరులోనే కథంతా ఉంది. ఇంటెల్ పాత పద్ధతి పేర్లలో i5, i7 తర్వాత వచ్చే మొదటి రెండు అంకెలు తరాన్ని చెబుతాయి. 12 అంటే పన్నెండో తరం. చివర ఉండే అక్షరం ఆ చిప్ ఎంత కరెంటు తీసుకుని ఎంత గట్టిగా పని చేయగలదో చెబుతుంది. U అంటే పొదుపు రకం, మూల స్థాయిలో 15 వాట్లు. H అంటే 45 వాట్ల రకం, బరువైన పనికి తయారైనది. P మధ్యస్థం.

i7-1255U పక్కన i5-1235U ను పెట్టి చూడండి. కోర్లంటే చిప్ లోపల పని చేసే భాగాలు; పెద్దవి బరువైన పనికి, చిన్నవి తేలిక పనికి. రెండింటిలోనూ రెండు పెద్ద కోర్లు, ఎనిమిది చిన్న కోర్లు. రెండూ ఒకేసారి 12 పనుల వరసలు, అంటే థ్రెడ్‌లు, నడుపుతాయి. తేడా గరిష్ఠ వేగంలో 4.4, 4.7 గిగాహెర్ట్జ్, పైగా i7లో గ్రాఫిక్స్ భాగం కాస్త పెద్దది. పలచటి ల్యాప్‌టాప్‌లో వేడెక్కగానే రెండూ వేగం తగ్గించుకుంటాయి కాబట్టి ఈ తేడా కోడింగ్ చేసే పిల్లకు చేతికి తెలియదు. ఆ i7 అనే అక్షరానికి కట్టే నాలుగైదు వేలు స్టిక్కర్ ఖరీదే. అదే i5-12450H తీసుకుంటే పేరులో i5 ఉన్నా నాలుగు పెద్ద కోర్లు ఉంటాయి. ప్రాజెక్టు కంపైల్ చేసేటప్పుడు ఆ తేడా కనబడుతుంది. బదులుగా బ్యాటరీ కొంచెం త్వరగా తగ్గుతుంది, ఫ్యాన్ చప్పుడు ఎక్కువ వినబడుతుంది.

కింది వైపు కూడా ఒక మోసపు మలుపు ఉంది. i3-N305 అనేది చూడటానికి i3 లాగే ఉంటుంది కానీ అందులో పెద్ద కోరు ఒక్కటీ లేదు, ఎనిమిదీ చిన్నవే. నోట్స్ రాసుకోవడానికి, వీడియో పాఠాలకు చాలు. నాలుగేళ్ల ఇంజినీరింగ్‌కు చాలదు.

ఏఎండీలో తికమక ఇంకా ఎక్కువ. రైజెన్ 7000 వరసలో నాలుగు అంకెల్లో మొదటిది ఏ ఏడాది మోడలో చెబుతుంది, మూడోది లోపల ఏ తరం డిజైన్ ఉందో చెబుతుంది. మీరు చూడాల్సింది మూడో అంకె. Ryzen 5 7520U లో అది 2, అంటే జెన్ 2. ఆ డిజైన్ 2019 నాటిది. నాలుగే కోర్లు. Ryzen 5 7530U లో అది 3, జెన్ 3, ఆరు కోర్లు. పేర్లలో ఒక్క అంకె తేడా, లోపల ఒక తరం తేడా. సైట్లలో ఈ రెండూ "రైజెన్ 5" అనే ఒకే ఫిల్టర్ కింద పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. 7520U చాలా చవగ్గా కనబడినప్పుడు కారణం ఇదేనని గుర్తించండి.

ఇంటెల్ 2023 చివర్లో పేర్లు మార్చింది. ఇప్పుడు Core 5 120U, Core Ultra 5 125H లాంటివి కనబడతాయి. చివరి అక్షరం సూత్రం ఇక్కడా పనికొస్తుంది. ఏ పేరైనా అర్థం కాకపోతే ఆ నంబరును ఇంటెల్ లేదా ఏఎండీ సొంత సైటులో వెతికి, కోర్లు ఎన్ని, విడుదలైన ఏడాది ఏది అన్నవి రెండూ చూస్తే చాలు. "ఏఐ పీసీ" స్టిక్కర్ మీద ఎక్కువ మాట్లాడను. దానికోసం వేసే ఎన్‌పీయూ అనే భాగం కాలేజీ ల్యాబు సాఫ్ట్‌వేర్‌కు ఇప్పటికి పెద్దగా పనికొచ్చేది కాదు. ఉంటే ఉండనివ్వండి, దానికోసం అదనంగా కట్టకండి.

ర్యామ్: ఎన్ని జీబీలో కాదు, ఎలా బిగించారో అడగండి

విండోస్ 11 ఆన్ చేసి, బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే 8 జీబీ ర్యామ్‌లో సగానికి పైగా అక్కడే అయిపోతుంది. ఆపైన కోడ్ ఎడిటర్, ఎమ్యులేటర్ తెరిచారంటే మిషను నత్తనడక పడుతుంది. అందుకే ఇంజినీరింగ్‌కు 16 జీబీ కావాలి. 32 జీబీ ఎన్నో భాగాలు కలిపిన పెద్ద అసెంబ్లీలతో పని చేసే మెకానికల్ వాళ్లకు, వర్చువల్ మిషన్లు రెండు మూడు ఒకేసారి నడిపేవాళ్లకు తప్ప దండగ.

అసలు ప్రశ్న ఆ 16 ఎలా వస్తోంది అన్నది. LPDDR4X, LPDDR5 అని మొదట్లో LP ఉంటే, ఇప్పుడు మార్కెట్లో ఉన్న దాదాపు అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ అది బోర్డుకు అతికించిన ర్యామే. కొన్న రోజు ఎంతుందో ల్యాప్‌టాప్ పోయే రోజు వరకు అంతే. కాబట్టి LPDDR5 ఉన్న 8 జీబీ మోడల్‌ను "తర్వాత పెంచుకుందాం" అని కొంటే పెంచుకునే దారి ఉండదు. పైన చెప్పిన 7520U లాంటి చిప్‌లు LPDDR5 తోనే వస్తాయి, అది ఇంకో కారణం.

ఊరికే DDR4 లేదా DDR5 అని ఉంటే మూడు రకాలు సాధ్యం: రెండు స్లాట్‌లు ఉండొచ్చు, సగం బోర్డుకు అతికించి ఒక స్లాట్ ఉండొచ్చు, అసలు స్లాటే లేకపోవచ్చు. లిస్టింగులో "ఎక్స్‌పాండబుల్" అన్న మాట ఒక్కటీ నమ్మకండి. తయారీదారు సైటులో ఆ మోడల్ పేజీలో గరిష్ఠ మెమరీ ఎంత, స్లాట్‌లు ఎన్ని అని ఉంటుంది. లెనోవో అయితే psref.lenovo.com లో మోడల్ నంబరు కొడితే బోర్డుకు అతికించింది ఎంత, స్లాట్‌లో ఎంత అన్నది విడివిడిగా రాసి ఉంటుంది. ఇంత వివరంగా అన్ని కంపెనీలూ ఇవ్వవు.

ఇంకో సంగతి. 8 జీబీ ఒకే ముక్కగా ఒకే స్లాట్‌లో ఉంటే ప్రాసెసర్‌కు, ర్యామ్‌కు మధ్య ఒక దారే తెరుచుకుంటుంది. ఇంటెల్ పన్నెండు, పదమూడో తరం i5, i7 చిప్‌ల లిస్టింగులో "ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్" అని గొప్పగా రాస్తారు. ఒక్క ముక్క ర్యామ్ ఉంటే అదే గ్రాఫిక్స్ విండోస్‌లో మామూలు "UHD Graphics" అని కనబడుతుంది, వేగమూ ఆ మేరకే. బావ చూసిన i7 సరిగ్గా అలాంటిదే: ఒకే ముక్క 8 జీబీ. i7లో కాస్త పెద్దదని చెప్పిన ఆ గ్రాఫిక్స్ భాగం కూడా ఆ ర్యామ్ వల్ల పూర్తిగా చేతికి రాదు.

మునుపు "8 జీబీది కొని తర్వాత రెండు వేలు పెట్టి ఇంకో 8 వేసుకో" అని అందరం చెప్పేవాళ్లం. 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి, ఆ సలహా ఇప్పుడు గుడ్డిగా చెల్లదు. 8 మోడల్‌కూ 16 మోడల్‌కూ తేడా ఎంత, విడిగా 8 జీబీ ముక్క ఆ రోజు ధర ఎంత అని పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా దగ్గర దగ్గరగా ఉంటే ముందే 16 తీసుకోవడం నయం.

స్క్రీన్, బ్యాటరీ: చివరి లైన్లలో దాక్కునేవి

కంపెనీలు ఖర్చు మిగుల్చుకునే మొదటి చోటు స్క్రీన్. "ఫుల్ హెచ్‌డీ యాంటీ గ్లేర్" అన్నంత మాత్రాన ఏమీ తేలదు. కిందికి వెళ్లి మూడు చూడండి. ప్యానెల్ ఐపీఎస్ అని ఉండాలి. టీఎన్ ప్యానెల్ అయితే తెరను కాస్త వంచగానే రంగులు తిరగబడతాయి. వెలుతురు 250 నిట్స్ ఉంటే గదిలో ఫర్వాలేదు, కిటికీ పక్కన కూర్చుంటే కళ్లు చికిలించాలి. 300 ఉంటే మేలు. మూడోది రంగులు: 45% NTSC అని ఉంటే ఎరుపు కూడా వెలిసిపోయినట్టు కనబడుతుంది. కోడింగ్‌కు ఇది అడ్డు కాదు. ఫొటోలు, డిజైన్ పని ఉన్నవాళ్లు 100% sRGB అన్నదే చూసుకోవాలి. మిగతావాళ్లు దానికి డబ్బు పెట్టక్కర్లేదు. 4కే తెర, టచ్ స్క్రీన్, 144 హెర్ట్జ్ కూడా అంతే. పేజీలో ఇవేవీ రాయలేదంటే బాగుండి రాయడం మరిచిపోయారని అనుకోవద్దు.

మరీ వీలైతే 1920×1080 బదులు 1920×1200 తెర తీసుకోండి. పొడవు కొంచెం ఎక్కువ కాబట్టి కోడ్‌లో నాలుగైదు లైన్లు అదనంగా కనబడతాయి. రోజూ చూసే తెర మీద ఆ కాస్త చోటు ఉపయోగమే.

బ్యాటరీకి "10 గంటలు" అన్న మాట చదవకండి. అది తెర వెలుతురు బాగా తగ్గించి, వీడియో ఒక్కటే నడిపి తీసే లెక్క. బ్యాటరీలో ఎంత విద్యుత్తు పడుతుందో వాట్-గంటల్లో చెప్పే, Wh అని ఉండే అంకె వెతకండి. U రకం ప్రాసెసర్‌తో బ్రౌజింగ్, కోడింగ్ మామూలుగా చేస్తుంటే మొత్తం మిషను సుమారు 8 నుంచి 10 వాట్లు లాగుతుందనుకోండి. 42 Wh బ్యాటరీని 9తో భాగిస్తే నాలుగున్నర గంటల పైన. 60 Wh అయితే ఆరున్నర దాటుతుంది. క్లాసులో ప్లగ్ లేదని సీనియర్ చెప్పి ఉంటే ఈ తేడాకు రెండు వేలు ఎక్కువైనా పెట్టొచ్చు. హాస్టల్ గదిలో బల్ల మీదే ఉంటుందంటే అక్కర్లేదు.

పనిలో పనిగా టైప్-సీ పోర్టుతో చార్జింగ్ అవుతుందో లేదో చూడండి. పోర్టు ఉన్నంత మాత్రాన అవ్వాలని లేదు, చవక మోడళ్లలో కొన్నింటికి అది డేటాకే. "పవర్ డెలివరీ" అని స్పష్టంగా ఉంటే 65 వాట్ల చార్జర్ ఎవరిదైనా అడిగి వాడుకోవచ్చు.

గ్రాఫిక్స్ కార్డు అవసరమా?

సీఎస్‌ఈ, ఈసీఈ వాళ్లకు చదువు కోసమైతే అక్కర్లేదు. గేమింగ్ ల్యాప్‌టాప్ రెండు కేజీల పైన ఉంటుంది, చార్జర్ ఇంకో అర కేజీ, బ్యాటరీ మధ్యాహ్నానికి అయిపోతుంది. గేమ్స్ కోసం కావాలంటే గేమ్స్ కోసమే అని ఇంట్లో చెప్పి కొనుక్కోవడం వేరే సంగతి, "కోడింగ్‌కు కావాలి నాన్నా" అంటే మాత్రం నమ్మక్కర్లేదు. మెకానికల్‌లో చిన్న భాగాలు గీయడానికి లోపలి గ్రాఫిక్సే సరిపోతుంది. పెద్ద అసెంబ్లీలు, రెండరింగ్ ఉన్నప్పుడే కార్డు గురించి ఆలోచించండి. అప్పుడు కూడా కార్డు పేరుతో పాటు దానికి ఎన్ని వాట్లు ఇస్తున్నారో చూడాలి. ఆర్‌టీఎక్స్ 4050 ల్యాప్‌టాప్ కార్డు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా రకరకాలుగా వస్తుంది. పేరు ఒకటే, పని ఒకటి కాదు.

మోడల్ నంబరు పట్టుకోండి

సైట్లలో కనిపించే పేరు కుటుంబం పేరు మాత్రమే. ఒకే పేరు కింద ప్రాసెసర్, ర్యామ్, తెర మారే డజన్ల కొద్దీ రకాలుంటాయి. అసలు గుర్తింపు టైటిల్ చివరో, వివరాల పట్టికలోనో ఉండే మోడల్ నంబరు. హెచ్‌పీ వాటిలో చివరి రెండక్షరాలే కొంత చెప్పేస్తాయి. TU అంటే ఇంటెల్, విడి గ్రాఫిక్స్ కార్డు లేదు. TX అంటే ఇంటెల్, కార్డుంది. AU, AX అంటే అవే రెండు రకాలు ఏఎండీతో.

రివ్యూలు చదివేటప్పుడు కూడా ఈ సంగతి మనసులో పెట్టుకోండి. పది రకాలకూ కలిపి ఒకే రివ్యూల కుప్ప కనబడుతుంది. 4.2 స్టార్లు మీరు కొనేదానికి వచ్చినవో, పక్కనున్న ఖరీదైన దానికి వచ్చినవో తెలియదు. ఒక్కో రివ్యూ పైన చిన్న అక్షరాల్లో ఏ రకం కొన్నారో ఉంటుంది, మీ రకానివి మాత్రమే చదవండి. ఐదు స్టార్లవి వదిలేసి మూడు స్టార్లవి చదివితే పని జరుగుతుంది. "బాగానే ఉంది కానీ" అని మొదలుపెట్టేవాళ్లు తెర వెలుతురు, స్పీకరు, మడత కీలు గురించి నిజం చెబుతారు.

బావ కేసు ఎలా తేలింది

ఆరోజు మూడు లింకులు పక్కపక్కన పెట్టాం. మొదటిది బావ పంపిన i7-1255U: 8 జీబీ, 41 Wh, 250 నిట్స్, ప్యానెల్ రకం ఎక్కడా రాయలేదు, 61,990. రెండోది మేనకోడలు చూసింది, Ryzen 5 7520U, 16 జీబీ, 43 వేల లోపు. మూడోది i5-13420H, ఇందులో నాలుగు పెద్ద కోర్లు, నాలుగు చిన్నవి. ర్యామ్ 16 జీబీ, అందులో 8 బోర్డుకు అతికించింది, 8 స్లాట్‌లోది. 1920×1200 ఐపీఎస్ తెర, 300 నిట్స్, 60 Wh. ధర 58,490.

పోటీ మొదటిదానికీ మూడోదానికీ మధ్య అనుకుంటారు కానీ అక్కడ వాదించడానికేం లేదు. i7 ది ఎక్కువ ధర, తక్కువ ర్యామ్, చిన్న బ్యాటరీ. ఇంకో 8 జీబీ కొని వేస్తే బడ్జెట్ ఇంకా దాటిపోతుంది. అసలు చర్చ రెండోదాని మీద జరిగింది. పదిహేను వేలు తక్కువ, ర్యామ్ కూడా 16. "ఇదే చాలు కదా మావయ్యా, మిగిలిన డబ్బుతో ఫోన్ కొనుక్కుంటా" అంది మేనకోడలు. న్యాయమైన ప్రశ్నే. ఆ అమ్మాయి బీకాంలో చేరి ఉంటే అదే కొనమనేవాణ్ని. ట్యాలీకి, ఎక్సెల్‌కు, క్లాసు వీడియోలకు ఆ నాలుగు కోర్లు హాయిగా సరిపోతాయి. కానీ నాలుగేళ్లు కోడింగ్ చేయాల్సిన పిల్లకు ప్రాసెసర్ మార్చలేని వస్తువు, అదీ 2019 నాటి డిజైన్. కోర్సు ముగిసే సరికి మళ్లీ ఇంకోటి కొనాల్సి వస్తుంది. మూడోదే తీసుకున్నారు. వెలుగు కీబోర్డు లేదు, మూత ప్లాస్టిక్‌ది. అవి వదులుకున్నందుకే ఆ ధరకు మిగతావి వచ్చాయి.

అసలు ధర లెక్క కట్టండి

కొట్టేసిన ఎంఆర్‌పీని, దాని మీద శాతాన్ని చూడనే వద్దు. ఆ ధరకు దాన్ని ఎవరూ కొనరు. అమెజాన్‌లో అయితే కీపా అనే సాధనంలో గత ఏడాది ధర గ్రాఫు కనబడుతుంది. పండుగ సేల్‌కు రెండు వారాల ముందు ధర పెంచి, సేల్ రోజు "తగ్గించడం" అందులో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. పెద్ద అక్షరాల్లో చూపే ధరలో మీ దగ్గర లేని బ్యాంకు కార్డు తగ్గింపు, పాత ల్యాప్‌టాప్ ఎక్స్‌ఛేంజీ కలిపేసి ఉంటే అవి తీసేసి చూసుకోండి.

నో కాస్ట్ ఈఎంఐ పూర్తిగా ఉచితం కాదు. 60 వేల వస్తువుకు ఆరు నెలల పాటు నెలకు పదివేలు కడతారనుకుందాం. బ్యాంకు వడ్డీ ఏడాదికి 15 శాతమైతే ఆ వాయిదాల్లో దాదాపు 2,540 రూపాయలు వడ్డీ. ఆ మొత్తాన్ని సైటు ముందే తగ్గించి ఇస్తుంది, అంతవరకు మాట నిజమే. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే సుమారు 457 రూపాయలు మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 199 అయితే దాని మీదా జీఎస్టీ కలిపి 235. మొత్తం ఏడొందలకు దగ్గర. అది కూడా ఫర్వాలేదు, అసలు చూడాల్సింది ఇంకొకటి: కార్డుతో ఒకేసారి కడితే వచ్చే తగ్గింపు, ఈఎంఐ ఎంచుకుంటే వచ్చే తగ్గింపు ఒకటేనా అని. తేడా రెండు మూడు వేలుంటే ఆ ఈఎంఐకి వడ్డీ కడుతున్నట్టే.

విండోస్ లేని "డాస్" మోడళ్లు కొన్ని వేలు తక్కువకు కనబడతాయి. లైనక్స్ వాడటం తెలిసినవాళ్లకు మంచి బేరం. తెలియని ఇంట్లో తర్వాత విండోస్ లైసెన్సు కొంటే ఆ ఆదా పోతుంది.

పేమెంట్ నొక్కే ముందు రిటర్న్ నిబంధన చదవండి. ల్యాప్‌టాప్‌లకు చాలాచోట్ల "నచ్చలేదు" అంటే డబ్బు వెనక్కి రాదు. ఏడు రోజుల్లోపు లోపం కనబడితే మార్చి ఇస్తారు, అదీ కంపెనీ సర్వీస్ సెంటర్ మనిషి చూసి లోపముందని రాసిచ్చాకే. అందుకే అమ్మకందారు ఎవరో, మీ ఊరికి దగ్గరలో ఆ బ్రాండ్ సర్వీస్ సెంటర్ ఎక్కడుందో ముందే చూసుకోవాలి. వారంటీ "ఆన్‌సైట్" అయితే మనిషి ఇంటికొస్తాడు. "క్యారీ-ఇన్" అయితే పల్నాడు నుంచి గుంటూరో విజయవాడో మీరే మోసుకుపోవాలి.

డబ్బా వచ్చిన రోజు

ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటే అదే ఎంచుకోండి. డబ్బా తెరిచి వస్తువు చూశాకే ఓటీపీ చెప్పండి. ఆ సౌకర్యం లేకపోతే సీలు కత్తిరించే ముందు నుంచి ల్యాప్‌టాప్ ఆన్ అయ్యేదాకా ఎక్కడా ఆపకుండా ఒకే వీడియో తీయండి. అతికించిన ముక్కల వీడియోలను ఒప్పుకోరు. డబ్బా మీద, ల్యాప్‌టాప్ అడుగున, ఇన్‌వాయిస్ మీద సీరియల్ నంబరు ఒకటే ఉండాలి. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి ఇది కొడితే లోపలి నంబరు కూడా కనబడుతుంది:

```
Get-CimInstance Win32_BIOS | Select SerialNumber
powercfg /batteryreport
```

రెండో కమాండు ఒక ఫైలు తయారు చేసి అది ఎక్కడుందో చెబుతుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరిచి `DESIGN CAPACITY`, `FULL CHARGE CAPACITY` అంకెలు పోల్చండి. కొత్తదానిలో రెండూ దగ్గరగా ఉండాలి. `CYCLE COUNT` పదుల్లో ఉంటే అది ఇంతకుముందు ఎవరో వాడిందే. కొన్ని మోడళ్లలో ఈ లెక్క ఖాళీగా వస్తుంది, దానికి కంగారుపడక్కర్లేదు.

తర్వాత టాస్క్ మేనేజర్‌లో Performance ట్యాబులో Memory నొక్కండి. `Slots used`, `Form factor` అని ఉంటాయి. `SODIMM` అంటే స్లాట్‌లో పెట్టింది, `Row of chips` అంటే అతికించింది. మీరు చదివి కొన్నదీ ఇక్కడ కనబడేదీ ఒకటేనో కాదో తేల్చుకోండి. ఎస్‌ఎస్‌డీ 512 అని రాసి 476 చూపిస్తే తప్పు కాదు, లెక్కించే పద్ధతి తేడా అంతే. తెర మీద ఒకసారి మొత్తం తెల్ల బొమ్మ, ఒకసారి మొత్తం నల్ల బొమ్మ పెట్టి చుక్కలున్నాయేమో చూడండి. కీబోర్డులో ప్రతి మీటా నొక్కండి, కెమెరా, మైకు, రెండు వైపులా స్పీకర్లు, ప్రతి పోర్టూ పరీక్షించండి. ఇదంతా మొదటి రోజే అయిపోవాలి, ఊరెళ్లి వచ్చాక చూద్దామంటే ఏడు రోజులు ఇట్టే గడిచిపోతాయి.

చివరిగా కంపెనీ సైటులో సీరియల్ నంబరు కొట్టి వారంటీ ముగిసే తేదీ చూడండి. గోదాములో ఉన్న కాలం కూడా కలిపి కొన్ని నెలల ముందే మొదలైనట్టు చూపించవచ్చు. అలాగైతే ఇన్‌వాయిస్ అప్‌లోడ్ చేస్తే కొన్న తేదీకి సరిచేస్తారు. లోపం తేలి, అమ్మకందారు ఈ రోజు రేపు అంటూ తిప్పుతుంటే ఫోన్ మాటలతో సరిపెట్టకుండా యాప్‌లోనే ఫిర్యాదు రాతపూర్వకంగా పెట్టండి, సర్వీస్ సెంటర్ ఇచ్చిన జాబ్ షీట్ ఫొటో జత చేయండి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, ఆర్డర్ నంబరు, జాబ్ షీట్ తేదీ దగ్గర పెట్టుకుని ఫిర్యాదు నమోదు చేయించండి.